చీర ఎవరికి, ఎప్పుడు, ఎలా?

మంగళగిరి చీరలమ్మే చిన్న దుకాణం ఇన్‌స్టాగ్రామ్‌లో గివ్‌అవే పెట్టిందనుకుందాం. ‘ఫాలో అయి కామెంట్ పెట్టండి, త్వరలో విజేతను ప్రకటిస్తాం’ అంటే అనుమానాలు మొదలవుతాయి. త్వరలో అంటే ఎప్పుడు? పది కామెంట్లకు పది అవకాశాలా? చీర చివరికి యజమాని చెల్లెలికే వెళ్తుందా?

అదే పోస్టు ఇలా ఉంటే ఆ ప్రశ్నలే రావు: ‘ఎంట్రీలు అక్టోబరు 10 రాత్రి 9 గంటల వరకే. ఎన్ని కామెంట్లు పెట్టినా ఒకరికి ఒకే చీటీ. 18 ఏళ్లు నిండి, తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికే అవకాశం. మా కుటుంబసభ్యులు, సిబ్బంది పాల్గొనరు. మర్నాడు సాయంత్రం 6 గంటలకు లైవ్‌లో చీటీ తీస్తాం. విజేత 48 గంటల్లో స్పందించకపోతే మరో చీటీ తీస్తాం. బహుమతి 1,800 రూపాయల నిజాం అంచు నీలం చీర. కొరియర్ ఖర్చు మాదే.’

చివరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. దుకాణం పేరుతో నకిలీ ఖాతా తెరిచి, ‘మీరే విజేత, కొరియర్ చార్జీ పంపండి’ అనే మోసగాళ్లున్నారు. ‘డబ్బు, ఓటీపీ ఎప్పుడూ అడగం’ అని కూడా రాస్తే వాళ్ల ఎత్తు పారదు. ఈ పోటీతో ఇన్‌స్టాగ్రామ్‌కు సంబంధం లేదని పేర్కొనడం ఆ సంస్థ పెట్టిన నిబంధనే.

ఎంట్రీలు తక్కువ వచ్చాయని మధ్యలో గడువు పెంచకూడదు. అది ముందే వచ్చినవారికి అన్యాయం.

ఫలితం అదే పోస్టులో కనిపించాలి. దాన్ని దాచడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. అమ్మకాల కోసం నడిపే పోటీలు, లాటరీలపైనా ఆ చట్టంలో ఆంక్షలున్నాయి కాబట్టి, ‘కొంటేనే చీటీ’ అని రాసేముందు న్యాయవాదిని అడగడం మంచిది.