కుడి నుంచి వస్తున్నాడా, కుడికి తిరుగుతున్నాడా?

బర్మింగ్‌హామ్‌లో ఉండే మా పిన్ని కొడుకు వేసవి సెలవులకి కారు ఓడెక్కించుకుని ఫ్రాన్సు వెళ్లాడు. రెండో రోజే ఓ చిన్న ఊళ్లో, బోర్డూ సిగ్నలూ లేని నాలుగు రోడ్ల కూడలిలో ఒక ఫ్రెంచి కారును గుద్దాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అవతలి పెద్దాయన తన కార్లోంచి ఒక ఫారం తీసి, బానెట్ మీద పెట్టి నింపాడు. ఇద్దరూ సంతకాలు చేసి చెరో ప్రతి పుచ్చుకున్నారు. వీడు ఇంటికొచ్చాక బీమా కంపెనీ ఇంగ్లిషు అనువాదం కావాలంది. ఫ్రెంచి అనువాదాలే నా బతుకుతెరువు గనక ఫారం ఫోటోలు నాకు పంపి, “అన్నయ్యా, ఆయన నా మీద ఏం రాశాడో కాస్త చూడు” అన్నాడు.

దాని పేరు ‘కోన్‌స్టా అమియాబ్ల్’. ఇద్దరూ కలిసి జరిగింది రాసుకున్న కాగితమన్నమాట. తప్పు ఒప్పుకున్నట్టు కాదని దాని మీదే అచ్చేసి ఉంటుంది. యూరప్‌లో చాలా దేశాలు ఇదే నమూనా వాడతాయి. భాష మారినా గళ్ల నంబర్లు మారవు. అందుకని అచ్చు మాటలను నేను అనువదించను. ఇదే ఫారం ఇంగ్లిషు ప్రతి పక్కన పెట్టుకుని, ఏ నంబరుకి ఎదురుగా ఏ మాట ఉంటే అదే దించుతాను. బీమా ఆఫీసులో వాళ్లకు అలవాటైన మాటలు అవే.

అసలు ప్రాణం 12వ భాగంలో ఉంది. ప్రమాదం జరిగినప్పుడు బండి ఏం చేస్తోందో చెప్పే 17 గళ్లు అక్కడుంటాయి. ఎడమ పక్క ‘ఎ’ బండికి, కుడి పక్క ‘బి’ బండికి. ఎన్ని గళ్లు టిక్ పెట్టారో అడుగున అంకె వేయాలి. మావాడు ‘ఎ’. తిన్నగా పోతున్న బండికి అందులో గడే లేదు. కాబట్టి అతని వైపు అన్నీ ఖాళీ, అడుగున సున్నా. ఆ ఖాళీనీ ఆ సున్నానీ కూడా అనువాదంలో చూపించాలి. పెద్దాయన మాత్రం 16వ గడి టిక్ పెట్టాడు: కూడలిలో ‘కుడి నుంచి వస్తున్నాడు’.

తొందరలో దీన్ని ‘కుడికి తిరుగుతున్నాడు’ అని రాసేవాళ్లుంటారు. అది 12వ గడి, వేరే సంగతి. ఫ్రాన్సులో బోర్డు లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాడికే ముందు దారి ఇవ్వాలి. ఇంగ్లండులో అలాంటి రూలు లేదు. అందుకే అక్కడ ఫైలు చదివేవాడికి ఈ పొరపాటు పొరపాటుగా కనిపించదు. కేసు మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది మరి.

ఇక 14వ గడి. ఎవరి మాట వాళ్లు సొంతంగా రాసుకునే చోటది. పెద్దాయన మూడే మాటలు రాశాడు: నడక వేగంతో వెళ్తున్నాను, అప్పుడే కూడలిలోకి ప్రవేశించాను, ‘ఎ’ ఆగలేదు. రెండో మాట దగ్గర ఫ్రెంచి చిన్న గోతి తవ్వింది. ‘నుంచి వస్తున్నాను’ అనడానికీ, ఒక పని ‘ఇప్పుడే చేశాను’ అనడానికీ ఆ భాషలో వాడేది ఒకే క్రియ, వెనిర్. 16వ గడిలో అది రావడం. ఇక్కడ మాత్రం అప్పుడే అయిపోయిన పని. ‘ప్రవేశించబోతున్నాను’ అని రాశామా, అప్పటికే కూడలిలో ఉన్న మనిషిని ఇంకా బయటే నిలబెట్టినట్టు.

మూడో మాటను నేను ‘ఆగలేదు’ అనే రాశాను. ‘దారి ఇవ్వలేదు’ అనొచ్చుగా అంటే, పెద్దాయన ఆ మాట అనలేదు. అది తప్పు ఎవరిదో తేల్చే మాట, తేల్చాల్సింది బీమా వాళ్లు. తమ్ముడే కదా అని ‘ఆగలేకపోయాడు’ అని మెత్తబరచడానికీ వీల్లేదు.

11వ గడిలో దెబ్బ తిన్న భాగం ‘ముందు ఎడమ రెక్క’ అని ఉంది. రెక్కంటే చక్రం మీది రేకు. ఇంగ్లిషులో దాన్ని ‘డ్రైవరు వైపు’ అనాలనిపిస్తుంది, నోటికి అలవాటైన మాట. కానీ ఫ్రెంచి కారులో డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు, ఇంగ్లండు కారులో కుడి పక్క. లండన్‌లో చదివేవాడు దెబ్బను అటునుంచి ఇటు మార్చేసుకుంటాడు. ఎడమ అంటే ఎడమే. పంపేముందు 10వ గడిలోని బాణం గుర్తు, 13వ గడిలోని బొమ్మ, ఈ ఎడమ మూడూ కలుస్తున్నాయో లేదో చూశాను. కలిశాయి. బొమ్మలో వీధి పేరు మాత్రం చెరిగిపోయింది. మ్యాపులో వెతికి నింపలేదు, ‘చదవడానికి వీలుకాలేదు’ అని రాశాను.

అనువాదం వెళ్లింది. మావాడికి అది సంతోషం కలిగించలేదు. చదివితే దారి ఇవ్వాల్సింది తనేనని తెలిసిపోతోంది.

ఇంగ్లండు నుంచి అటు కారేసుకెళ్లే మనవాళ్లు ఆ ఫారం ఇంగ్లిషు ప్రతి ఒకటి కారులో పెట్టుకోండి. సంతకానికి ముందే గడికి గడి పోల్చి చూసుకోవచ్చు. ఇద్దరి సంతకాలూ పడ్డాక ముందు పేజీలో ఒక్క అక్షరం మార్చడానికి లేదు.