అద్దంలోకి జారిన అణువు

మందు అణువు ఒకటే, కొలిచిన బొమ్మలు రెండు. వాటిలోని బెంజీన్ వలయాలు కలిసేలా ఒకదాన్ని తిప్పాలి. 1976లో వోల్ఫ్‌గాంగ్ కబ్ష్ ఇలాంటి సమస్యకే దారి చూపాడు.

ముందు రెండు వలయాల కేంద్రాలనూ సున్నాకు జరుపుతాం. జోడీ కార్బన్ల నిరూపకాలను గుణించి, ఆరింటినీ కూడితే 3×3 మాత్రిక H వస్తుంది. దాన్ని H = USVᵀ గా విడదీస్తే R = VUᵀ.

చిక్కు ఇక్కడే. వలయం చదునుది కాబట్టి మూడో సింగ్యులర్ విలువ దాదాపు సున్నా. ఆ దిశ గుర్తు ఎటైనా రావచ్చు. R నిర్ధారకం −1 అయితే అది తిప్పడం కాదు, అద్దంలో చూపడం. కార్బన్లు చక్కగానే కూర్చుంటాయి, దోషం కనబడదు. వలయానికి పైనున్న ఆక్సిజన్ మాత్రం కిందికి పోతుంది! V చివరి నిలువు వరుస గుర్తు మార్చి మళ్లీ గుణిస్తే సరి.