సాయం ఒక్కటే, ఇంగ్లిష్‌లో మాటలు నాలుగు

ఊళ్లో పదిమంది కుర్రాళ్లు కలిసి సాయంత్రం బడి నడుపుతున్నారనుకుందాం. 40 మంది పిల్లలు, తలా 500 రూపాయల పుస్తకాలు, అంటే 20,000 కావాలి. తెలుగులో చందా అడగడానికి వాళ్లకు ఒక్క మాట చాలు: సాయం చేయండి. అదే విజ్ఞప్తిని డాలస్‌లో స్థిరపడ్డ ఊరివాళ్ల పిల్లలకూ, వాళ్ల ఆఫీసు మిత్రులకూ ఇంగ్లిష్‌లో రాయబోతేనే చిక్కు. హెల్ప్, అసిస్ట్, ఎయిడ్, సపోర్ట్. నిఘంటువు తెరిస్తే నాలుగింటికీ ఎదురుగా సహాయమే కనిపిస్తుంది.

దాంతో మొదటి చిత్తుప్రతి ఇలా తయారవుతుంది: ‘కైండ్లీ ఎయిడ్ అవర్ చిల్డ్రన్. ప్లీజ్ అసిస్ట్ అస్ టు బై బుక్స్.’ అర్థం కాకపోదు. కానీ చదివేవాడికి పక్కింటి కుర్రాడు తలుపు తట్టినట్టు ఉండదు, ఏదో కార్యాలయం నుంచి తాఖీదు వచ్చినట్టు ఉంటుంది.

నాలుగింటిలో హెల్ప్ ఒక్కటే ఇంగ్లిష్‌కు పుట్టింటి మాట. మిగతా మూడూ లాటిన్ మూలాల నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చినవి. మనకు ‘అడుగు’, ‘అభ్యర్థించు’ మధ్య ఉన్న దూరమే అక్కడా ఉంది. అయితే చందా అడిగేవారికి అసలు లాభం హెల్ప్ వాక్యంలో ఒదిగే తీరులో ఉంది. దాని వెనకే చేయాల్సిన పనిని నేరుగా పెట్టేయవచ్చు: ‘హెల్ప్ అస్ బై బుక్స్ ఫర్ 40 చిల్డ్రన్.’ ఎవరు, ఏం కొంటారు, ఎంతమందికి, అన్నీ ఒక్క వరుసలో వచ్చేశాయి. ‘సపోర్ట్ అస్ బై’, ‘ఎయిడ్ అస్ బై’ అనడం కుదరదు. ‘అసిస్ట్’ అయితే ‘అసిస్ట్ అస్ ఇన్ బయింగ్’ అని చుట్టు తిరగాలి. ఆ తిరుగుడులోనే వాక్యం బిగుసుకుపోతుంది.

అసిస్ట్ అంటే మూలంలో పక్కన నిలబడటం. ఫుట్‌బాల్ చూసేవారికి ఇది బాగా తెలుసు: గోల్ ఒకరి ఖాతాలో పడుతుంది, బంతి అందించినవాడికి అసిస్ట్ దక్కుతుంది. అసలు పని మరొకరిదని ఆ మాటే చెబుతుంది. అందుకే ఆ ఉత్తరంలో దానికి సరైన చోటు దాతల దగ్గర కాదు, కార్యకర్తల దగ్గర. లెక్కలు చెప్పే టీచరు పక్కన కూర్చుని కాపీలు దిద్దే కుర్రాళ్ల గురించి ‘అవర్ వాలంటీర్స్ అసిస్ట్ ద టీచర్’ అంటే చక్కగా అమరుతుంది.

ఎయిడ్ సంగతి వేరు. వాడుకలో అది క్రియ కంటే నామవాచకంగానే ఎక్కువ బతుకుతోంది: ఫస్ట్ ఎయిడ్, హియరింగ్ ఎయిడ్, మన దగ్గర సర్కారు గ్రాంటుతో నడిచే ఎయిడెడ్ స్కూలు. పెద్ద చేయి కిందికి అందించేదన్న భావం, ఆపద వాసన దానికి అంటిపెట్టుకుని ఉన్నాయి. ఇథియోపియా కరువు కోసం 1985 జులై 13న లండన్, ఫిలడెల్ఫియాల్లో జరిగిన సంగీత కచేరీలకు లైవ్ ఎయిడ్ అని పేరు పెట్టారంటే అందుకే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పంచిన బియ్యం, మంచినీళ్లకు ఎయిడ్ నప్పుతుంది. నోటుబుక్కులకు ఆ మాట వాడితే పిల్లలు పస్తులున్నారేమో అని చదివేవారు కంగారుపడతారు.

ఇక సపోర్ట్. చాలా సంఘాలు కళ్లు మూసుకుని వాడేది ఇదే, జారిపోయేదీ ఇక్కడే. కింద నుంచి మోయడం దాని మూలార్థం కాబట్టి ఒకసారి ఇచ్చి వెళ్లిపోయేదానికంటే నెలనెలా భరించేదానికి బాగా అతుకుతుంది. కానీ మద్దతు అన్న అర్థమూ దానికి ఉంది. ‘ప్లీజ్ సపోర్ట్ అస్’ అని రాస్తే ‘మీ ఆశయం బాగుంది, నా మద్దతు మీకే’ అని మెచ్చుకుని పర్సు తీయకుండానే ముందుకు పోవచ్చు. పక్కన మొత్తం, గడువు రాస్తేనే ఆ దారి మూసుకుంటుంది.

అమెరికాకు పంపే ఉత్తరంలో మరో గొయ్యి ఉంది. పిల్లల కోసం కదా అని ‘చైల్డ్ సపోర్ట్ ఫండ్’ అని శీర్షిక పెడితే అక్కడి పాఠకుడికి ముందు గుర్తొచ్చేది విడిపోయిన తల్లిదండ్రుల్లో ఒకరు పిల్లల పోషణకు రెండోవారికి కట్టే డబ్బు. చాలాసార్లు కోర్టు ఆదేశం మీద కట్టేది.

ఇవన్నీ చూసుకున్నాక ఆ కుర్రాళ్ల ఉత్తరం చిన్నదవుతుంది. శీర్షికలో హెల్ప్, 40 మంది పిల్లలు, పుస్తకాలు. లోపల ఒక చోట టీచరు పక్కన కూర్చునే కార్యకర్తల గురించి అసిస్ట్. చివర్లో గది అద్దె నెలకు 1,500 అని చెప్పి, ఒక నెల అద్దె భరించేవారి కోసం ‘సపోర్ట్ ద క్లాస్‌రూమ్ ఫర్ వన్ మంత్’. ఎయిడ్‌కు ఈ ఉత్తరంలో పనిలేదు.