ఆవకాయ మీద ఆ తెల్లటిదేమిటి?

"అమ్మా, ఇది బూజేనా?" అంటూ అమెరికా నుంచి కూతురు ఫొటో పంపుతుంది. ఎర్రటి ఆవకాయ మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ. ఇలాంటి ఫొటో చూసి ఒక్కోసారి "పారెయ్యి" అని గట్టిగా చెప్పొచ్చు. "ఏం కాదు, తినెయ్యి" అని మాత్రం ఫొటో ఒక్కటే చూసి చెప్పకూడదు.

తెల్లగా ఉన్నదల్లా బూజు కాదు. అంచుల్లో ఉప్పు పేరుకుంటుంది. వేరుశనగ నూనెతో పెట్టిన పచ్చడి ఫ్రిజ్‌లో ఉంటే నూనె తెల్లగా గడ్డకడుతుంది. టెంకకు అంటుకున్న లోపలి పొర ఊడి తేలినా దూరం నుంచి భయపెడుతుంది. కాబట్టి ముందు ఇంకో రెండు ఫొటోలు అడగాలి. ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా దగ్గరగా ఒకటి. ఫ్లాష్ వెలుగులో నూగు అణిగిపోయి, మరకలా కనిపిస్తుంది. రెండోది గాజు సీసా పక్కనుంచి. నూనె ఎంతవరకు ఉందో, ఏ ముక్క పైకి తేలిందో అందులో తెలుస్తుంది. బూజుకు గాలి కావాలి. అందుకే అది నూనెలో మునిగిన ముక్కను వదిలి, పైకి పొడుచుకొచ్చిన ముక్కను పడుతుంది.

ఈ ఫొటోలోనూ అంతే. ఒక ముక్క కొస నూనె పైకి వచ్చింది. తెల్లదనమంతా దాని మీదే, గుండ్రంగా, దూదిలా ఉబ్బి ఉంది. నడుమ ఆకుపచ్చ ఛాయ. ఉప్పుకు నూగుండదు, నూనెకు ఆకుపచ్చ రాదు. ఇక సందేహం లేదు.

ఛాయ లేకుండా ఉత్త తెలుపే అయితే, పొడి చెంచా కొసతో చిటికెడు తీసి గోరువెచ్చని నీళ్లలో వేయమనాలి. ఉప్పయితే కరిగిపోతుంది. నూనె అయితే కరిగి పైకి తేలుతుంది. పీచుపీచుగా మిగిలిందా, బూజే అనుకోవాలి. వాసన చూడటం మాత్రం వద్దు, పీలిస్తే దాని బీజాలు ముక్కులోకి పోతాయి.

పైన తీసేసి, నూనె కాచి పోస్తే సరిపోతుందని పెద్దవాళ్లు చాలామంది అంటారు. నాకు ఆ మాట నచ్చదు. కనిపించేది పైభాగమే. దాని పోగులు కంటికి ఆనకుండా లోపలికి దిగుతాయి. కొన్ని బూజులు వదిలే విషాలు వంటింటి వేడికి పోవు. పైగా బూజు పులుపును తినేస్తుంది. పచ్చడిని కాపాడేవాటిలో ఆ పులుపూ ఒకటి. జామ్‌కూ ఇదే లెక్క. మెత్తటి పదార్థం కాబట్టి, బూజు పడితే సీసా మొత్తం పారేయాల్సిందే.

ఏ పరీక్షతోనూ తేలకపోతే కూడా పారేయడమే. సంచిలో మూటకట్టి చెత్తలో వేసి, సీసాను, మూతను, చెంచాను వేడి సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాలి. పైన మిగిలిన నూనెను తాలింపుకని వంచి ఉంచుకోవద్దు.