పాఠం చెప్పడానికి రాని గురువు

1067 సెప్టెంబరులో బాగ్దాద్‌లో ఒక కొత్త మదరసా ప్రారంభమైంది. టైగ్రిస్ నది ఒడ్డున రెండేళ్ల పాటు కట్టిన భవనం అది. కట్టించినవాడు సెల్జుక్ సుల్తాను దగ్గర వజీరుగా ఉన్న నిజాముల్ ముల్క్. అందుకే దానికి నిజామియా అని పేరు. ఆ రోజు ఊరి పెద్దలు, విద్యార్థులు వచ్చి బారులు తీరి కూర్చున్నారు. మొదటి పాఠం చెప్పాల్సిన అబూ ఇస్‌హాక్ షీరాజీ కోసం ఎదురుచూశారు. ఆయన రాలేదు.

ఏం జరిగిందో ఆ కాలపు చరిత్రకారులు రాసిపెట్టారు. షీరాజీ బయలుదేరి వస్తుంటే దారిలో ఒక కుర్రవాడు ఎదురై, జనం దగ్గర లాక్కున్న స్థలంలో కూర్చుని పాఠం ఎలా చెబుతారని అడిగాడట. ఆ మాటకు ఆయన వెనుదిరిగి వెళ్లిపోయారు. ఎంత వెతికినా దొరకలేదు. చివరికి ఇబ్నుస్సబ్బాగ్ అనే మరో పండితుణ్ణి పీఠం మీద కూర్చోబెట్టి ఆ పూట గడిపారు. వజీరు ఊరుకోలేదు, షీరాజీనే రప్పించాలని పట్టుబట్టాడు. మీరు రాకపోతే మేమే ఆయన దగ్గరకు వెళ్లిపోతామని సొంత శిష్యులు కూడా గట్టిగా చెప్పారు. దాదాపు ఇరవై రోజుల తర్వాత షీరాజీ వచ్చి బోధన మొదలుపెట్టారు. అయినా నమాజు వేళకు మాత్రం మదరసా దాటి వేరే మసీదుకు వెళ్లి చదువుకునేవారని చెబుతారు. పాఠానికి ఒప్పుకున్న మనసు ప్రార్థనకు ఒప్పుకోలేదన్నమాట.

సైన్యం, ఖజానా చేతిలో ఉన్న వజీరు ఒక పంతులు కోసం ఇరవై రోజులు పట్టుదలగా ఎదురుచూడటం ఎందుకు? ఆ పంతులు దగ్గర ఉన్న అధికారం వజీరు ఇచ్చింది కాదు, కొనగలిగేదీ కాదు.

ఇస్లాంలో న్యాయశాస్త్రాన్ని ఖలీఫాలు రాయలేదు. ఖురాన్ నుంచి, ప్రవక్త మాటలూ నడవడికా చెప్పే హదీసుల నుంచి పండితులు తర్కించి తీశారు. ఏ ఊళ్లో ఏ గురువు ఎలా తర్కించాడో దాన్నిబట్టి తేడాలొచ్చాయి. కూఫాలో బట్టల వ్యాపారం చేసుకునే అబూ హనీఫా, మదీనాలో మాలిక్, ఈజిప్టులో కన్నుమూసిన షాఫియీ, బాగ్దాద్‌లో అహ్మద్ బిన్ హంబల్ పేర్ల మీద సున్నీల్లో నాలుగు మజ్‌హబ్‌లు నిలిచాయి. మజ్‌హబ్ అంటే నడిచే దారి. ఇప్పటికీ హైదరాబాద్ ముస్లింలలో ఎక్కువమంది హనఫీలైతే, హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బు కుటుంబాలది షాఫియీ దారి.

కానీ ఈ నలుగురిలో ఎవరూ కూర్చుని ఒక సంప్రదాయాన్ని స్థాపించలేదు. దారి వేసింది వాళ్ల తర్వాతి తరాలవాళ్లు. షాఫియీ సంగతే చూడండి. ఆయన 820లో చనిపోయారు. ఆయన శిష్యుడు ముజనీ గురువు చెప్పిన విస్తారమైన సంగతులను కుదించి ఒక సంక్షేప గ్రంథం రాశాడు. ఆ తర్వాత బాగ్దాద్‌లో ఇబ్ను సురైజ్ షాఫియీ న్యాయాన్ని శిష్యులకు పద్ధతిగా నేర్పాడు. వాళ్లు ఒక్కో ఊరికి చేరి తమ శిష్యులకు నేర్పారు. ఇబ్ను సురైజ్ 918లో పోయేసరికి షాఫియీ మాట ఒక మనిషి అభిప్రాయంగా కాక, నేర్చుకుని అప్పగించగలిగే విద్యగా మారింది. గొప్ప చరిత్రకారుడు తబరీకి కూడా సొంత మజ్‌హబ్ ఉండేది. ఆయన 923లో చనిపోయాక కొంతకాలం నడిచి ఆగిపోయింది. తెలివిలో తబరీ ఎవరికీ తీసిపోడు. శిష్యుల గొలుసు తెగిపోయిందంతే.

ఆ విద్య ఎలా అబ్బేదంటే, మొదట కొన్నేళ్లు గ్రంథం వల్లె వేయడం, గురువు వివరణ వినడం. పాఠం అందనివాళ్లకు మళ్లీ చెప్పడానికి ముయీద్ అనే సహాయకుడు ఉండేవాడు. తర్వాత విద్యార్థి గురువు చెప్పిన వాదాలు, ప్రతివాదాలు కలిపి తాలీఖా అనే రాతప్రతి తయారు చేసుకునేవాడు. అదే అతని ఆస్తి. నిజామియాలో 1091 నుంచి 1095 దాకా బోధించిన గజాలీ గురించి ఒక కథ ఉంది. చదువు ముగించుకుని ఇంటికొస్తుంటే దొంగలు ఆయన మూట లాక్కున్నారు. డబ్బు తీసుకుని తాలీఖా ఇచ్చెయ్యమని బతిమాలాడు. నీ చదువంతా ఈ సంచిలో ఉంటే నువ్వు చదువుకున్నదేమిటని దొంగల నాయకుడు నవ్వి ఇచ్చేశాడట. ఇంటికెళ్లి మూడేళ్లు కూర్చుని గజాలీ ఆ రాతప్రతి మొత్తం కంఠస్థం చేశాడు.

కంఠస్థం అయితే చాలదు. నలుగురిలో నిలబడి వాదించాలి, ఎదుటివాడి వాదంలో లొసుగు పట్టాలి, తనది కాపాడుకోవాలి. ఈ వాదనలో నిలిచినవాడికి న్యాయం బోధించడానికీ, ఫత్వాలు ఇవ్వడానికీ గురువు అనుమతి ఇచ్చేవాడు. దాన్ని ఇజాజా అంటారు. ఫత్వా అంటే తీర్పు కాదు, అడిగినవాడికి పండితుడు చెప్పే అభిప్రాయం. తీర్పిచ్చేది ఖాజీ. ఆ ఇజాజాను ఇచ్చేది గురువేగాని మదరసా కాదు. ఫలానా గురువు అనుమతించాడన్నదే లెక్క.

మరి మదరసా ఏం చేసినట్టు? అన్నం పెట్టింది, వసతి ఇచ్చింది, జీతం ఇచ్చింది. పెద్ద మసీదుల్లో ఎవరు బోధించాలన్నది ఖలీఫా ఇష్టం. మసీదు కట్టి అంకితం చేశాక కట్టించినవాడికి దానిమీద పట్టు పోతుంది. మదరసాకు ఆ ఇబ్బంది లేదు. పొలాలు, దుకాణాల ఆదాయాన్ని వక్ఫ్‌గా రాసి, గురువు ఎవరై ఉండాలో, డబ్బు ఎలా ఖర్చు కావాలో దాత పత్రంలోనే పెట్టుకోవచ్చు. నిజామియా పత్రం ప్రకారం అక్కడి గురువులు షాఫియీలై ఉండాలి. అంటే వజీరు న్యాయాన్ని ముట్టుకోలేదు, పీఠాన్ని పట్టుకున్నాడు. ఆ పీఠానికి విలువ తెచ్చేది మాత్రం షీరాజీ లాంటివాళ్లే గనుక వాళ్ల కాళ్లావేళ్లా పడక తప్పలేదు.

ఆ షరతు మనుషుల మీద ఎంత పనిచేసిందో వజీహ్ ఇబ్నుద్దహ్హాన్ జీవితం చెబుతుంది. ఆయన వ్యాకరణ పండితుడు. మొదట హంబలీ, తర్వాత హనఫీ అయ్యాడు. నిజామియాలో వ్యాకరణ పీఠం ఖాళీ అయితే, దానికీ షాఫియీ షరతు ఉండటంతో షాఫియీ అయ్యాడు. ఒక కవి ఆయన్ని ఎగతాళి చేస్తూ పద్యాలే కట్టాడు. నాకు మాత్రం ఆయన మీద జాలే కలుగుతుంది. క్రియలు, విభక్తులు నేర్పుకునే మనిషి ఏ మజ్‌హబ్ వాడైతే ఏమిటి? పత్రంలో అలా రాసి ఉంది, అంతే.

మదరసాలు పెరిగాయి. 1184లో బాగ్దాద్ చూసిన యాత్రికుడు ఇబ్ను జుబైర్ నగరం తూర్పు భాగంలో సుమారు ముప్పై మదరసాలు ఉన్నాయని రాశాడు. 1234లో ఖలీఫా ముస్తన్‌సిర్ తెరిచిన మదరసాలో నాలుగు మజ్‌హబ్‌లకూ చోటిచ్చారు. ఒక్కోదానికి 62 మంది చొప్పున విద్యార్థులు. షీరాజీ కాలంలో ఒకరితో ఒకరు పోటీపడి వీధుల్లో కొట్టుకున్న వర్గాలకు ఇప్పుడు ఒకే ప్రాంగణంలో సమాన వాటా దక్కింది. తబరీ శిష్యులెవరైనా అప్పటికి మిగిలి ఉంటే, వాళ్లు కూర్చోవడానికి అక్కడ అయిదో చోటు లేదు.