గుండె ఆగిన మనిషి పక్కన: ఎంత వేగం, ఎంత లోతు, షాక్ ఎప్పుడు?

సాయంత్రం అపార్ట్‌మెంట్ ఆవరణలో షటిల్ ఆడుతున్న యాభై అయిదేళ్ల మనిషి ఉన్నట్టుండి కుప్పకూలాడనుకుందాం. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు ముఖాన నీళ్లు చల్లుతారు. ఇంకొకరు అరికాళ్లు రుద్దుతారు. మరొకరు కారు తీయమని కేక వేస్తారు. ఇంతలో ఎవరో వంగి చూసి, "ఊపిరి ఆడుతోంది, గురక పెడుతున్నారు" అంటారు. దాంతో అందరూ కాస్త కుదుటపడతారు. ఆ మాటే ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ గురక ఊపిరి కాదు. గుండె ఆగిన తొలి నిమిషాల్లో చాలామందిలో ఎగశ్వాస కనిపిస్తుంది. నోరు తెరుచుకుని ఒకసారి గట్టిగా గాలి లాగుతారు. చాలాసేపు ఏమీ ఉండదు. మళ్లీ ఒకసారి లాగుతారు. రక్తం అందక మెదడు అడుగుభాగం చేస్తున్న చివరి ప్రయత్నమది. కొందరికి కాళ్లూ చేతులూ కొద్దిసేపు కొట్టుకుంటాయి. అది చూసి ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెడతారు.

అందుకే ముందు చూడాల్సినవి రెండే. భుజాలు తట్టి "బాబాయ్, బాబాయ్!" అని గట్టిగా పిలిస్తే పలుకుతున్నాడా? ఛాతీ మామూలుగా, ఒక క్రమంలో లేచి పడుతోందా? దీనికి పది సెకన్లు మించి తీసుకోకూడదు. రెండింటికీ జవాబు లేదు అయితే గుండె ఆగిందనే లెక్క. శిక్షణ లేనివాళ్లు నాడి కోసం వెతకక్కర్లేదు. ఆ కంగారులో లేని నాడి ఉన్నట్టూ, ఉన్నది లేనట్టూ తోస్తుంది. ఒకవేళ గుండె కొట్టుకుంటూనే ఉందనుకోండి, నొక్కగానే ఆ మనిషి కదులుతాడు, మూలుగుతాడు. అప్పుడు ఆపేయొచ్చు. పొరపాటున నొక్కడం వల్ల పెద్ద హాని జరగడం అరుదు. నొక్కకుండా ఉంటే మాత్రం దక్కే అవకాశం నిమిషనిమిషానికీ తగ్గిపోతుంది.

మన షటిల్ కోర్టులో కాలేజీ కుర్రాడొకడు ముందుకొచ్చాడు. ఫోన్లో 108 కొట్టి స్పీకర్ పెట్టి నేల మీద ఉంచాడు. "అన్నా, క్లబ్‌హౌస్ గోడకున్న ఏఈడీ పెట్టె తీసుకురండి" అని వాచ్‌మన్‌ని పంపాడు. ఆ మనిషిని వెల్లకిలా తిప్పి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కింద గట్టి నేల ఉండాలి. మంచం మీదో పరుపు మీదో నొక్కితే ఆ బలం పరుపులోకే పోతుంది.

ఒక అరచేతి మడమను ఛాతీ నడిమధ్య, రొమ్ము ఎముక కింది సగం మీద ఉంచాలి. రెండో చేతిని దాని మీద వేసి వేళ్లు పెనవేయాలి. మోచేతులు వంచకుండా, భుజాలు చేతులకు నేరుగా పైన ఉండేలా ముందుకు వంగి, ఒంటి బరువుతో నొక్కాలి. పెద్దవాళ్లకు ఛాతీ కనీసం అయిదు సెంటీమీటర్లు, అంటే రెండంగుళాలు దిగాలి. ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు లోతు చాలకపోవడమే. ఎదుటివాడికి నొప్పి పెడుతుందేమోనని పైపైన నొక్కుతారు. గట్టిగా నొక్కితే పక్కటెముక పటుక్కుమనొచ్చు. అయినా చెయ్యి సరైన చోట ఉందో లేదో చూసుకుని కొనసాగించాలి. విరిగిన ఎముక అతుక్కుంటుంది.

వేగం నిమిషానికి 100 నుంచి 120 సార్లు. గడియారం చూసే తీరిక ఉండదు కాబట్టి ఇలా గుర్తుపెట్టుకోవచ్చు: ముప్ఫై నొక్కులు పదిహేను నుంచి పద్దెనిమిది సెకన్లలో పూర్తవ్వాలి. అంతకంటే వేగంగా నొక్కితే మంచిది కదా అనిపిస్తుంది, కాదు. నొక్కినప్పుడు గుండెలోని రక్తం బయటికి వెళ్తుంది. వదిలినప్పుడే మళ్లీ నిండుతుంది. మరీ వేగం పెంచితే నిండే వ్యవధి ఉండదు, లోతూ తగ్గిపోతుంది. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేచేలా వదలాలి. చెయ్యి తీయకూడదు గానీ, బరువు దాని మీద ఆనించి ఉంచకూడదు.

గుండె కండరానికి రక్తం అందేంత ఒత్తిడి ఒక్క నొక్కుతో రాదు. వరసగా నొక్కుతూ పోతేనే కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఆపితే కొన్ని సెకన్లలోనే పడిపోతుంది. నొక్కడం మధ్యలో ఆపొద్దనేది అందుకే. నొక్కేవాడికి తనకు తెలియకుండానే ఒకటి రెండు నిమిషాల్లో బలం తగ్గుతుంది. కాబట్టి రెండు నిమిషాలకోసారి ఇంకొకరు అందుకోవాలి. శిక్షణ ఉన్నవాళ్లు ముప్ఫై నొక్కులకు రెండు శ్వాసలు ఇస్తారు. శిక్షణ లేనివాళ్లు, ఇలా ఉన్నట్టుండి కూలిన పెద్దవాళ్లకు, నొక్కడం ఒక్కటే చేసినా సరిపోతుంది. నీళ్లలో మునిగినవాళ్లకూ పిల్లలకూ మాత్రం శ్వాస కూడా ముఖ్యం. వాళ్ల గుండె చాలావరకు గాలి అందకే ఆగుతుంది. పిల్లల ఛాతీని దాని మందంలో మూడోవంతు లోతుకు నొక్కాలి.

వాచ్‌మన్ పెట్టె తెచ్చాడు. సినిమాల్లో తెర మీద గీత సాపుగా మారగానే డాక్టరు షాక్ ఇస్తాడు. నిజానికి ఆ సాపు గీతకు షాక్ పనిచేయదు. గుండె కింది గదులు క్రమం తప్పి వణుకుతున్నప్పుడు, లేదా రక్తాన్ని తోయలేనంత విపరీతమైన వేగంతో కొట్టుకుంటూ నాడి అందనప్పుడు మాత్రమే షాక్ ఉపయోగపడుతుంది. ఆ పిచ్చి విద్యుత్తును అది ఒక్కసారిగా ఆపేస్తుంది. అప్పుడు గుండె తన సొంత లయ అందుకునే వీలు చిక్కుతుంది. విద్యుత్తే లేని గుండెలో ఆపడానికి ఏమీ లేదు. వణుకు కూడా ఎంతోసేపు నిలవదు. రక్తం అందకపోతే సన్నగిల్లి సాపు గీతలోకి జారిపోతుంది. మన నొక్కులు ఆ వణుకును షాక్ అందేదాకా నిలబెడతాయి.

ఏది ఏ లయో మనం తేల్చక్కర్లేదు, యంత్రమే తేలుస్తుంది. మనం చూసుకోవాల్సింది పలుకు, మామూలు ఊపిరి లేవన్నదే. ఛాతీ నొప్పితో చెమటలు పడుతూ మాట్లాడుతున్న మనిషికి గుండెపోటు కావచ్చు. ఆయనకు కావలసింది ఆసుపత్రి, షాక్ కాదు.

కుర్రాడు నొక్కుతూనే ఉండగా ఇంకొకావిడ యంత్రం ఆన్ చేసి, చొక్కా విప్పి, చెమట తుడిచింది. ఒక ప్యాడ్ కుడి భుజపుటెముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కవైపు అంటించింది. పడిపోయింది ఆడమనిషైనా ఛాతీ మీద బట్ట తీయాల్సిందే, గొలుసులు ప్యాడ్ కిందికి రాకుండా జరపాల్సిందే. మొహమాటపడి బట్టల మీద అంటిస్తే యంత్రం పనిచేయదు. యంత్రం లయ చూస్తున్నప్పుడూ షాక్ ఇస్తున్నప్పుడూ ఎవరూ ఆ ఒంటిని తాకకూడదు.

షాక్ తగిలింది. ఇక్కడే చాలామంది చేతులు కట్టుకుని లేస్తాడేమోనని చూస్తారు. చూడకూడదు. లయ తిరిగివచ్చినా గుండె వెంటనే బలంగా కొట్టలేదు. కాబట్టి మరుక్షణం నుంచే మళ్లీ రెండు నిమిషాలు నొక్కాలి. ఆ తర్వాత యంత్రం మళ్లీ చూస్తుంది. "షాక్ అవసరం లేదు" అని యంత్రం చెప్పినా మనిషి బాగున్నాడని అర్థం కాదు. ఆ లయకు షాక్ పనికిరాదనే అర్థం. పలుకూ ఊపిరీ లేకపోతే నొక్కుతూనే ఉండాలి.

ఆపాల్సిన సందర్భాలు మూడే: మనిషి కదిలి మామూలుగా ఊపిరి తీసుకున్నప్పుడు, అంబులెన్స్ సిబ్బంది అందుకున్నప్పుడు, నొక్కేవాళ్లకు ఇక శక్తి లేనప్పుడు. ఊపిరి వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ప్యాడ్లు మాత్రం తీయకూడదు. గుండె మళ్లీ ఆగవచ్చు.