లాటరీ బంతుల ఎడమొహం పెడమొహం

కెనడాలో 1982 జూన్‌లో మొదలైన లోటో 6/49 ఇప్పటికీ బుధ, శనివారాల్లో నడుస్తోంది. 49 బంతుల్లోంచి ఆరు తీస్తారు, తీసిన బంతిని మళ్లీ లోపల వేయరు. అందువల్ల ఒకే డ్రాలో 7 రావడానికీ 8 రావడానికీ మధ్య కొంచెం పోటీ ఉంటుంది. ఆ పోటీ ఎంతో ఒక చిన్న పట్టికతో లెక్క కట్టొచ్చు.

49 బంతులనూ బయటికి వచ్చే వరసలో పేర్చినట్టు ఊహించుకోండి. మొదటి ఆరు స్థానాలే గెలుపు స్థానాలు. 7కు 49 చోట్లు, అది కూర్చున్నాక 8కి 48 చోట్లు. మొత్తం 49 × 48 = 2352 అమరికలు, అన్నీ సమానమే. రెండూ గెలుపు స్థానాల్లో పడేవి 6 × 5 = 30. 7 లోపల, 8 బయట పడేవి 6 × 43 = 258. 8 లోపల, 7 బయట పడేవీ అంతే. రెండూ బయట పడేవి 43 × 42 = 1806.

| | 8 వచ్చింది | 8 రాలేదు | మొత్తం |
|---|---|---|---|
| 7 వచ్చింది | 30 | 258 | 288 |
| 7 రాలేదు | 258 | 1806 | 2064 |
| మొత్తం | 288 | 2064 | 2352 |

ప్రతి గడినీ 2352తో భాగిస్తే అదే ఉమ్మడి సంభావ్యత పట్టిక. 7 వస్తే X = 1, లేకపోతే 0. 8కి అలాగే Y. రెంటి విలువలూ సున్నా, ఒకటి మాత్రమే కాబట్టి XY లబ్ధం 1 అయ్యేది ఎడమ పై గడిలోనే. అంటే E[XY] = 30/2352 = 0.012755. X సగటు 288/2352, అంటే 6/49. Y సగటూ అంతే. వాటి లబ్ధం 0.014994. కోవేరియన్స్ E[XY] − E[X]E[Y] కాబట్టి 0.012755 − 0.014994 = −0.002239. గుర్తు రుణాత్మకం, ఊహించినట్టే. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తే రెండూ కలిసి వచ్చే గడిలో 30 బదులు 35 పైచిలుకు ఉండాలి.

−0.002239 చూసి ఇది పెద్దదో చిన్నదో చెప్పలేం. అందుకే కోరిలేషన్. X విస్తృతి (6/49) × (43/49) = 0.107455, Y విస్తృతీ అంతే. రెంటి ప్రామాణిక విచలనాల లబ్ధం కూడా అదే సంఖ్య అవుతుంది కాబట్టి దానితో కోవేరియన్స్‌ను భాగిస్తే చాలు. వచ్చేది −0.020833, అంటే సరిగ్గా −1/48.

ఈ లెక్కను రెండు దశాంశ స్థానాలకు సవరిస్తూ చేసి చూడండి. 0.01 − 0.01 = 0! ఉన్న సంబంధం కాస్తా మాయం. కోవేరియన్స్ అంటే దగ్గరదగ్గరగా ఉన్న రెండు సంఖ్యల తేడా కాబట్టి, చివరిదాకా భిన్నాలనే ఉంచుకోవడం మంచిది. ఇంకో పొరపాటు దీనికన్నా తరచుగా కనిపిస్తుంది. లోపలి గడులు తెలియనప్పుడు అడ్డు మొత్తాన్నీ నిలువు మొత్తాన్నీ గుణించి నింపేస్తారు. అలా నింపిన పట్టికలో కోవేరియన్స్ ఎప్పుడూ సున్నాయే వస్తుంది, ఎందుకంటే స్వతంత్రతను ముందే లోపల పెట్టేశాం.

ఆ −1/48ని పట్టిక లేకుండానే రాబట్టవచ్చు. ప్రతి నంబరుకూ వస్తే 1, రాకపోతే 0 వేసి 49 నంబర్లకూ కలిపితే ఏ డ్రాలోనైనా మొత్తం 6. ఎప్పుడూ మారని సంఖ్యకు విస్తృతి సున్నా. ఆ సున్నాలో 49 విస్తృతులు, 49 × 48 కోవేరియన్స్‌లు ఉన్నాయి. కాబట్టి ఒక్కో కోవేరియన్స్ విస్తృతిలో −1/48వ వంతు కావాల్సిందే. 7, 8 పక్కపక్కవైనా, 7, 41 దూరమైనా విలువ ఒకటే. వరస నంబర్లు కలిసి రావన్న నమ్మకంతో బ్రాంప్టన్‌లోనో మిసిసాగాలోనో టికెట్ కొనేవాళ్లకు ఇంకో మాట. కనీసం ఒక జత వరస నంబర్లుండే డ్రాలు 49.5 శాతం, అంటే దాదాపు సగం.

ఇక బోనస్ బంతి. ఆరు తీశాక మిగిలిన 43లోంచి ఏడోది తీస్తారు. మన టికెట్‌లో కలిసిన నంబర్ల సంఖ్య X, 0 నుంచి 6 దాకా. బోనస్ కలిస్తే Y = 1. ఇది ఏడు వరసల పట్టిక. ఇందులో X = 6, Y = 1 గడి ఖచ్చితంగా సున్నా. మన ఆరూ ముందే వచ్చేస్తే బోనస్‌కు మన దగ్గర నంబరే మిగలదు. అడ్డు మొత్తం, నిలువు మొత్తం సున్నా కానప్పుడు ఇలాంటి ఒక్క ఖాళీ గడి కనిపిస్తే చాలు, X, Y స్వతంత్రం కావని తేలిపోతుంది. అయితే ఆ సంబంధం ఎంత గట్టిదో గడి చెప్పదు. దానికి లెక్క చేయాలి.

పదివేల టికెట్లకు బోనస్ కలిసేవి X = 0 దగ్గర 608, X = 1 దగ్గర 480, X = 2 దగ్గర 123, X = 3 దగ్గర 12. ఆపైన ఒకటి కూడా ఉండదు. సవరించని విలువలను ఒక్కోదాన్నీ దాని Xతో గుణించి కూడితే E[XY] సుమారు 0.0765. X సగటు 36/49, Y సగటు 6/49, లబ్ధం 0.0900. కోవేరియన్స్ −0.0134. X విస్తృతి 0.5776, Yది 0.1075. కోరిలేషన్ −0.054. గడి సున్నా అయినా కోరిలేషన్ ఇంత పలచగా ఉండటానికి కారణం సులువే: X = 6 వరసకు ఉన్న అవకాశమే 1,39,83,816లో ఒకటి. సగటులో దానికి బరువే లేదు.

కోవేరియన్స్ సున్నా అంటే సంబంధం లేనట్టేనా? కాదు, సాక్ష్యం ఇదే లాటరీలో ఉంది. మొదటి బంతి నంబరు X, అది 25కు ఎంత దూరమో Y. X తెలిస్తే Y పూర్తిగా తెలిసిపోతుంది. కానీ 25కు అటు 24, ఇటు 24 నంబర్లు సరిసమానంగా ఉన్నాయి కాబట్టి ఎడమవైపు రుణాలు, కుడివైపు ధనాలు కొట్టేసుకుని కోవేరియన్స్ సున్నా అవుతుంది. సరళరేఖ వెంట నడిచే సంబంధాన్నే అది పట్టుకుంటుంది.

కెనడా లాటరీల్లో గట్టి సంబంధం మాత్రం వేరే చోట దొరికింది. 2003లో టొరంటోకు చెందిన మోహన్ శ్రీవాస్తవకు టిక్-టాక్-టో అనే గీకుడు టికెట్ చేతికొచ్చింది. ఆయన వృత్తి భూగర్భ గణాంకాలు. ఒక చోట తీసిన ఖనిజ నమూనాకూ పక్క చోటి నమూనాకూ ఉండే కోవేరియన్స్‌తో పని. ఎడ్వర్డ్ ఐజాక్స్‌తో కలిసి 1989లో ఆ విద్యపై పాఠ్యపుస్తకం రాశారు. టికెట్ మీద గీకకుండానే కనిపించే గడుల్లో 72 నంబర్లుంటాయి, 1 నుంచి 39 లోపు. వాటిలో ఒక్కసారే కనిపించే నంబర్లు మూడు ఒకే వరసలో పడితే ఆ టికెట్ దాదాపు ఎప్పుడూ గెలుస్తోందని ఆయన గమనించారు.

ఒంటారియో లాటరీ సంస్థ ఆయన మాటను మొదట పట్టించుకోలేదు. దాంతో ఆయన గీకని 20 టికెట్లను గెలిచేవి, ఓడేవి అని విడదీసి పంపారు. 19 సరిగ్గా తేలాయి. కట్టలు పదేసి అనుకుని పట్టిక వేస్తే, ఆ ఒక్క తప్పు ఏ కట్టలో ఉన్నా కోరిలేషన్ 0.90 వస్తుంది. లోటోలో 7, 8 మధ్య చూసింది −0.02. అయితే ఆ 0.90 ఆయన ఏరి పంపిన టికెట్లకే చెల్లుతుంది. దుకాణంలో గెలిచే టికెట్ల వాటా వేరుగా ఉంటే పట్టిక అంచు మొత్తాలు మారతాయి, వాటితోపాటు కోరిలేషనూ మారుతుంది.

సంస్థ ఆ ఆటను వెనక్కి తీసుకుంది. టికెట్లు ఏరుకుంటూ తిరిగితే రోజుకెంత మిగులుతుందో కూడా శ్రీవాస్తవ లెక్క కట్టారు. తన కన్సల్టింగ్ సంపాదనే మెరుగని తేల్చుకున్నారు.